మొటిమల క్యాలెండరు: తొమ్మిదో తరగతిలో ఇరవై నిమిషాల ఆరోగ్య ప్రసంగం, ఒక కేస్ స్టడీ

కృష్ణా డెల్టాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను జీవశాస్త్రం బోధిస్తాను. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు ఆరోగ్య రాయబారులుగా ఉండాలి. మా బడిలో ఆ బాధ్యత నాకు, గణితం మాస్టారికి వచ్చింది. కార్యక్రమంలో మొటిమలకు విడిగా పాఠమేమీ లేదు. ఎనిమిదో తరగతి కౌమారదశ పాఠంలో కూడా తైల గ్రంథులు చురుకుగా పనిచేయడం వల్ల మొటిమలు వస్తాయన్న మాట వరకే ఉంటుంది. పిల్లలు ఆ మాటను పరీక్షలో తప్పు లేకుండా రాసి, మరునాడు ముక్కు మీద తెల్లగా టూత్‌పేస్ట్ మరకతో బడికి వస్తారు. అందువల్ల ఆరోగ్య తరగతికి కేటాయించిన పీరియడ్‌లో ఇరవై నిమిషాలు తీసుకుని మొటిమల మీద ప్రసంగించాను. మిగతా సమయం ప్రశ్నలకు వదిలాను.

ప్రసంగానికి ముందు వారం, పేరు రాయకుండా ఒక్కొక్క వాక్యం రాసి పెట్టెలో వేయమని పిల్లలను కోరాను. మొటిమ ఎందుకు వస్తుందని ఇంట్లో అంటారో, అది తగ్గడానికి వాళ్లు ఏం చేస్తున్నారో ఆ చీటీలో ఉండాలి. ఎక్కువ చీటీలలో కనిపించిన మాట “వేడి చేయడం.” మామిడిపండు, కోడిమాంసం, గుడ్డు, పల్లీలు అన్నీ ఆ ఒక్క మాట కిందికే వచ్చాయి. ముఖం సరిగా కడుక్కోకపోవడం వల్ల, నూనె పదార్థాల వల్ల, చెడు ఆలోచనల వల్ల వస్తాయని కొందరు రాశారు. పెళ్లయితే వాటంతట అవే పోతాయని అమ్మమ్మ చెప్పిందని ఒక అమ్మాయి రాసింది. వైద్యం కింద నిమ్మరసం, టూత్‌పేస్ట్, సున్నిపిండితో గట్టిగా రుద్దడం కనిపించాయి. నన్ను కలవరపెట్టినవి మాత్రం “మందుల షాపులో ఇచ్చిన క్రీము” అని రాసిన చీటీలు. వాటిలో ఒకదానిలో ఇంకొక ముక్క కూడా ఉంది: “మూడు రోజుల్లో తగ్గుతుంది, మానేస్తే మళ్లీ వస్తుంది.”

ఈ చీటీలను ఒక్కొక్కటిగా చదివి, ఇది నిజం, ఇది అబద్ధం అని చెప్పుకుంటూ పోవడం తేలిక. అలా చేస్తే ఇంట్లో పెద్దవాళ్లు చెప్పింది తప్పు, టీచరు చెప్పింది ఒప్పు అన్న తగవు ఒక్కటే మిగులుతుంది. చీటీలను బల్ల మీద పరచి చూసినప్పుడు, వాటిలో చాలా నమ్మకాలు ఒకే పొరపాటు నుంచి పుట్టాయని నాకు అనిపించింది. ఈ రోజు కనిపించిన మొటిమకు నిన్న చేసిన పనే కారణమని, ఈ రోజు పూసిన మందు రేపటికల్లా ఫలితం చూపాలని అందరూ లెక్క వేస్తున్నారు. మొటిమ అసలు ఎంత కాలంలో తయారవుతుందో తెలిస్తే, ఆ లెక్క ఎందుకు తప్పుతుందో పిల్లలు తామే చెప్పగలరు. కాబట్టి ప్రసంగమంతటినీ నల్లబల్ల మీద గీసిన ఒక క్యాలెండరు చుట్టూ నడిపాను.

మొదట రోమకూపం బొమ్మ గీశాను. వెంట్రుక కుదురు, దాని పక్కన తైల గ్రంథి, పైకి తెరుచుకునే సన్నని దారి, ఇంత చాలు. యుక్తవయసులో ఆండ్రోజన్లనే హార్మోన్లు అబ్బాయిలలోనూ అమ్మాయిలలోనూ పెరుగుతాయి, వాటి ప్రభావంతో తైల గ్రంథులు పెద్దవై సెబం అనే జిడ్డు పదార్థాన్ని ఎక్కువగా స్రవిస్తాయి. అదే సమయంలో దారి లోపలి గోడ నుంచి రాలే మృతకణాలు విడివిడిగా బయటికి పోకుండా ఒకదానికొకటి అంటుకుని, దారి మూతికి బిరడాలా పడతాయి. ఆ మూసుకున్న చోట, మామూలుగా అందరి చర్మం మీదా ఉండే క్యూటీబాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది, శరీరం దానికి ప్రతిస్పందించి వాపు, ఎరుపు, చీము పుట్టిస్తుంది. మా ఊరి పిల్లలకు దీన్ని పంటకాలువ తూముతో పోల్చి చెప్పాను. తూములో ఒండ్రు చేరడం ఎవరి కంటా పడదు, గట్టు పొంగిన రోజునే ఊరికి తెలుస్తుంది, ఆ రోజు ఎవరు గట్టెక్కి నడిచారో వాళ్ల మీదికి నింద పోతుంది.

తరువాత బల్ల మీద వారాల గడులు గీసి, చివరి గడిలో ఒక ఎర్ర చుక్క పెట్టాను. కంటికి కనిపించని తొలి మూత పడిన దగ్గర నుంచి ఆ చుక్క పైకి తేలేదాకా కొన్ని వారాలు, ఒక్కొక్కసారి రెండు నెలల దాకా పడుతుందని చెప్పి, “అయితే నిన్న తిన్న మామిడిపండు ఏ గడిలో ఉంది?” అని అడిగాను. చుక్క పక్కనే ఉందని కొందరు అన్నారు. చుక్క మొదలైన గడి మాత్రం ఎక్కడో ఎడమవైపు, పండ్లు ఇంకా బజారులోకి రాని రోజుల్లో ఉంది. పిల్లలు నవ్వారు గానీ, వెనక బెంచీలోంచి వచ్చిన ప్రశ్న ఆ నవ్వును ఆపింది.

“టీచర్, మరి నెలసరికి ముందు వారంలోనే మా అక్కకు మొటిమలు వస్తాయి. అది వారంలోనే కదా?”

ప్రసంగంలో అన్నిటికంటే పదునైన ప్రశ్న ఇదే. దీన్ని దాటవేస్తే క్యాలెండరు మొత్తం అబద్ధమైపోతుంది. నెలసరికి ముందు రోజుల్లో చాలామంది అమ్మాయిలకు మొటిమలు పెరగడం నిజమే. అయితే ఆ వారంలో కొత్త మూతలు పడి, అప్పటికప్పుడే మొటిమలు తయారవడం లేదు. అంతకుముందే మూసుకుని ఉన్న దారులలో హార్మోన్ల మార్పు వల్ల వాపు రాజుకుంటుంది. అంటే మొటిమకు రెండు కాలాలు ఉన్నాయి. మూత పడే కాలం నెమ్మదైనది, వాపు రేగే కాలం త్వరితమైనది. గోటితో గిల్లినప్పుడు రాత్రికి రాత్రే మొటిమ పెద్దదవడానికి కారణం కూడా ఇదే: లోపల ఉన్న పదార్థం పైకి రావడానికి బదులు పక్క కణజాలంలోకి చిట్లి, వాపును పెంచుతుంది.

అలాగైతే మామిడిపండు కూడా ఉన్న మూతను రేపవచ్చు కదా అని అదే అమ్మాయి వెంటనే అడిగింది. ఇక్కడ నేను ఖండించి మాట్లాడలేదు, ఎందుకంటే ఆహారం విషయంలో పూర్తిగా సంబంధం లేదనడం కూడా అపోహే. చక్కెర, మైదా వంటివి త్వరగా జీర్ణమై రక్తంలో గ్లూకోజును ఒక్కసారిగా పెంచుతాయి, దాని వెంట ఇన్సులిన్ పెరుగుతుంది, అది ఆండ్రోజన్ల పనిని బలపరుస్తుంది. 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు 15 నుంచి 25 ఏళ్ల మధ్య యువకులు 43 మందిని తీసుకుని, కొందరికి గ్లూకోజును నెమ్మదిగా పెంచే ఆహారం పెట్టగా, పన్నెండు వారాల తరువాత వాళ్ల మొటిమలు మిగతావారి కంటే ఎక్కువగా తగ్గాయి. పరిశోధన చిన్నదే, అందులో అమ్మాయిలు లేరు. అయినా పన్నెండు వారాల కాలవ్యవధి మాత్రం నాకు పనికొచ్చింది. ఆహారం ప్రభావం చూపినా అది రాత్రికి రాత్రి చూపేది కాదు, ఒక పండుకు సంబంధించినదీ కాదు. రోజూ తాగే కూల్‌డ్రింకులు, తినే బిస్కెట్లు, స్వీట్లు అనుమానించదగినవి. గుడ్డును, పల్లీలను మానిపిస్తే మాత్రం ఎదిగే పిల్లలకు దక్కే మాంసకృత్తులు పోతాయి, మొటిమ పోదు. మామిడిపండ్ల కాలమే ఎండలు, చెమటలు, పరీక్షల తరువాత తారుమారైన నిద్ర ఉండే కాలం కూడా కాబట్టి, పండు మీద పడిన నిందలో వీటన్నిటి వాటా ఉందని కూడా చెప్పాను.

ముఖం కడుక్కోవడం గురించిన అపోహకు ఎక్కువ సమయం పట్టలేదు. ముక్కు మీద కనిపించే నల్లటి చుక్కలలో ఉన్నది మట్టి అని దాదాపు అందరూ నమ్ముతారు. నిజానికి ఆ నలుపు దారి మూతి దగ్గర చేరిన మెలనిన్ అనే వర్ణకానిది, గాలి తగిలి ఆక్సీకరణం చెందిన కొవ్వులది. మురికి కానిదాన్ని రుద్ది తీయడం కుదరదు. పైగా సున్నిపిండితోనో గరుకు స్క్రబ్బుతోనో రుద్దితే చర్మం పైపొర చికాకుపడి వాపు పెరుగుతుంది. రోజుకు రెండుసార్లు, ఆటల తరువాత ఇంకొకసారి, ఘాటు లేని సబ్బుతో చేతివేళ్లతోనే కడిగితే చాలు. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి, నల్లటి మచ్చలు పడవచ్చునని విన్నప్పుడు ముందు వరుసలోని ఒక అబ్బాయి చెయ్యి తనకు తెలియకుండానే చెంప మీదికి పోయింది.

తలనూనె దగ్గర తరగతి నన్ను నమ్మలేదు. తలకు నూనె రాస్తే ఒళ్లు చల్లబడుతుందన్నది ఇంటింటి మాట. నూనె తలకు మంచిదా కాదా అన్న జోలికి నేను పోలేదు, అది నుదుటి మీదికి జారి రోమకూపాల మూతులను మూయగలదని మాత్రమే చెప్పాను. జుట్టుకు రాసే జిడ్డు పూతల వల్ల నుదురు, కణతల వెంట వచ్చే మొటిమలను చర్మవైద్యులు 1970లోనే వివరంగా రాశారు. దీనికి పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు: మొటిమలు నుదుటి పైభాగంలో, జుట్టు మొదలయ్యే గీత వెంట గుంపుగా ఉంటే నూనెను అనుమానించాలి, గడ్డం మీద, దవడ వెంట ఉంటే నూనెకు వాటితో సంబంధం తక్కువ. నూనె మానమని చెప్పడం కంటే, రాత్రి రాసి పొద్దున్నే తలస్నానం చేయమని, నుదుటికి తాకకుండా చివర్లకే రాయమని చెప్పడం ఇంట్లో తగవు లేకుండా చెల్లుతుంది.

ప్రసంగంలో నేను ఎక్కువ నిమిషాలు కేటాయించింది మందుల షాపు క్రీముకే. ఇలా అడిగినవారికి చేతికిచ్చే ట్యూబులలో చాలావాటిలో స్టిరాయిడ్ ఉంటుంది. స్టిరాయిడ్ వాపును త్వరగా అణిచేస్తుంది కాబట్టి రెండు మూడు రోజుల్లోనే ఎరుపు తగ్గి, ముఖం తెల్లబడినట్టు కనిపిస్తుంది. లోపలి మూత మాత్రం అలాగే ఉంటుంది. వారాలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది, సన్నని రక్తనాళాలు ఎర్రటి దారాల్లా బయటపడతాయి, చెంపల మీద నూగు పెరుగుతుంది, కొత్తగా ఒకే తీరు చిన్న చిన్న మొటిమలు లేస్తాయి. క్రీము మానగానే అణిగి ఉన్న వాపు ఒక్కసారిగా పైకి ఉబుకుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టిరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే వాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఆచరణలో దాన్ని ఎంత పాటిస్తున్నారో పిల్లలు రాసిన చీటీలే చెప్పాయి. అందుకే ట్యూబు మీద ఏ పేర్లు చూడాలో బల్ల మీద రాసి పిల్లలచేత నోటుపుస్తకంలో ఎక్కించాను: బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అన్న పేర్లతో పాటు వీటిలో ఒకటి ఉంటే, అది మంగు మచ్చలకు డాక్టరు పర్యవేక్షణలో కొద్దికాలం వాడాల్సిన మందు, మొటిమల క్రీమూ కాదు, తెల్లబరిచే క్రీమూ కాదు.

దీనికి ఎదురుగా, మొటిమకు డాక్టర్లు సాధారణంగా మొదట రాసే మందులు ఎలా పనిచేస్తాయో క్యాలెండరు మీదే చూపించాను. బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ సూక్ష్మజీవిని తగ్గిస్తుంది, అడపలీన్ జెల్ మూత పడకుండా చూస్తుంది. రెండూ కనిపించిన మొటిమ మీద చుక్కలా పెట్టేవి కావు, ఇంకా కనిపించని మూతల కోసం మొటిమలు వచ్చే ప్రాంతమంతా పలచగా రాయాల్సినవి. ముఖమంతటికీ శనగగింజంత జెల్ సరిపోతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ దాదాపు 10 శాతం జెల్ అంతే పని చేస్తుంది, మంట మాత్రం తక్కువ పుట్టిస్తుంది, కాబట్టి బలమైనది కావాలని అడగడం వృథా. అది దిండు గలీబుల మీద, యూనిఫారం కాలర్ల మీద రంగు పోగొడుతుందని ముందే తెలియకపోతే ఇంట్లో తల్లి భయపడి మందు మాన్పిస్తుంది. మొదటి రెండు మూడు వారాలు చర్మం పొడిబారి పొట్టు రేగినప్పుడు మందు పడలేదని ఆపేసేవారే ఎక్కువ. నిజమైన తేడా ఎనిమిది నుంచి పన్నెండు వారాలకు గాని తెలియదు. బల్ల మీద పక్కపక్కన రెండు గీతలు గీశాను: స్టిరాయిడ్ గీత మూడో రోజున దిగి, తరువాత మొదటికంటే పైకి లేస్తుంది, సరైన మందు గీత మొదట కదలక, రెండు నెలల తరువాత దిగుతుంది. నెలాఖరున ఎవరు చూసినా మొదటి గీతనే ఎంచుకుంటారు, అందుకే అది అమ్ముడవుతోంది.

ప్రసంగం ముగిసిన తరువాత ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి సైన్స్ గదికి వచ్చింది. గుర్తుపట్టే వివరాలు ఇక్కడ మార్చి రాస్తున్నాను. బుగ్గలు రెండూ ఎర్రగా కందినట్టున్నాయి, ఎండలో మంట పుడుతోందని చెప్పింది. సంచిలోంచి తీసిన ట్యూబు మీద నేను బల్ల మీద రాసిన పేర్లలో ఒకటి ఉంది. వేసవి నుంచి రోజూ రాత్రి రాసుకుంటోంది. మధ్యలో రెండుసార్లు మానేసింది, మానిన ప్రతిసారీ వారం తిరగకముందే మొటిమలు ముఖమంతా లేచాయి, మళ్లీ రాయగానే అణిగాయి. ఈ అనుభవం నుంచి ఆ ఇంట్లో అందరూ తీసుకున్న నిర్ణయం ఒక్కటే: క్రీము మంచిది, మానడమే తప్పు. కళ్లెదుట కనిపించిన వరుసను బట్టి చూస్తే ఆ నిర్ణయం అర్థం లేనిదేమీ కాదు.

మరునాడు ఆమె తల్లిని పిలిపించాను. “టీచరు గారూ, డబ్బు దండగైనా పిల్ల ముఖం బాగుంటుందని కొన్నామండీ. ఇప్పుడు ఆపేస్తే పెళ్లిచూపుల నాటికి ఈ ముఖం ఏమైపోతుంది?” అని ఆవిడ అడిగింది. తొమ్మిదో తరగతి పిల్లకు పెళ్లిచూపుల మాట ఏమిటన్న జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఆ రోజు మాట్లాడాల్సింది ట్యూబు గురించి. ఆమె నోటుపుస్తకంలోని రెండు గీతల బొమ్మనే తల్లికి చూపించి, క్రీము ఆపినప్పుడు లేచేవి పాత మొటిమలు తిరిగి రావడం కాదని, అణిచి ఉంచిన వాపు బయటపడటమని వివరించాను. ఎలా ఆపాలి, ఒక్కసారిగానా, కొద్దికొద్దిగానా అన్నది ఉపాధ్యాయురాలు చెప్పాల్సిన విషయం కాదు కాబట్టి, ట్యూబును పారేయకుండా వెంట తీసుకుని జిల్లా ఆసుపత్రిలోని చర్మవైద్య విభాగానికి వెళ్లమన్నాను. ట్యూబు చూడకపోతే డాక్టరుకు ఏ బలం గల స్టిరాయిడ్ అన్నది తెలియదు.

అక్కడి వైద్యురాలు క్రీము ఆపించి, వాసన లేని సాదా మాయిశ్చరైజరు, పగటిపూట సన్‌స్క్రీన్ రాసి, మొదటి వారాల్లో ముఖం ఇప్పటికంటే ఘోరంగా కనిపిస్తుందని ముందే చెప్పారట. మొటిమల మందు వెంటనే మొదలుపెట్టలేదు, పలచబడిన చర్మం దాని మంటను తట్టుకోలేదు కాబట్టి. మూడో వారంలో ఆ అమ్మాయి ముఖానికి చున్నీ చుట్టుకుని బడికి వచ్చింది. తల్లి మళ్లీ షాపుకు వెళ్లబోయిందని, ముందే చెప్పిన మాట గుర్తుకొచ్చి ఆగిందని ఆ అమ్మాయే నాకు చెప్పింది. అర్ధసంవత్సర పరీక్షల నాటికి మంట పోయింది, ఎరుపు సగానికి తగ్గింది, అసలు మొటిమలు మాత్రం ఉన్నాయి. వాటికి మందు అప్పుడు మొదలైంది.

ప్రసంగం ఎంత పనిచేసిందో చూడడానికి కొన్ని వారాల తరువాత మళ్లీ చీటీలు రాయించాను. టూత్‌పేస్ట్, నిమ్మరసం దాదాపు కనిపించలేదు. స్టిరాయిడ్ పేర్లలో కనీసం రెండింటిని చాలామంది సరిగా రాశారు. వేడి చేయడం మాత్రం అలాగే ఉంది, తలనూనె విషయం ఇంకా అలాగే ఉంది. పిల్లల వంటను, తలను చూసుకునేది పెద్దవాళ్లు, వాళ్లు తరగతిలో లేరు. రెండో విడత చీటీలలో కొత్తగా వచ్చిన ప్రశ్న మచ్చలది. మొటిమ తగ్గాక మిగిలే గోధుమరంగు మచ్చను చాలామంది మొటిమ మిగులనుకుని గిల్లుతున్నారు, లేదా తెల్లబరిచే క్రీము కోసం మళ్లీ షాపుకు వెళుతున్నారు. మన చర్మపు రంగులో ఈ మచ్చలు వాపు పోయాక కూడా నెలల తరబడి ఉంటాయి, ఎండ తగిలితే ఇంకా ముదురుతాయి. ఇవి వాటంతట అవే మెల్లగా మానేవి. గుంట పడిన మచ్చలు అలా మానవు. అందుకే లోతుగా, గట్టిగా, తాకితే నొప్పి పుట్టే గడ్డలు వచ్చేవారు, గుంటలు పడుతున్నవారు, నెలసరి క్రమం తప్పడంతో పాటు గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్న అమ్మాయిలు పన్నెండు వారాలు ఆగకుండా వెంటనే వైద్యులను కలవాలని తరగతిలో విడిగా చెప్పాల్సి వచ్చింది.

వచ్చే విడతలో ఈ చివరి విషయాన్ని ప్రసంగం మొదట్లోకి తెస్తున్నాను. తలనూనె, వేడి గురించిన భాగాన్ని తరగతి నుంచి తీసి తల్లిదండ్రుల సమావేశానికి మార్చాను. స్టిరాయిడ్ పేర్ల పట్టికను సైన్స్ గది తలుపు మీద అంటించాం. గణితం మాస్టారు రెండు గీతల బొమ్మను గ్రాఫు కాగితం మీద మళ్లీ గీశారు, అడ్డ అక్షం మీద వారాలు, నిలువు అక్షం మీద మొటిమల సంఖ్య వేసి.